రేపు చెబుతానన్నాను, ఏడాది తర్వాత చెప్పాను

కొంచెం పొడుగ్గా ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి.

మొన్న రేపల్లె నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పోయినేడు ఇంటర్వ్యూ చేసిన హెచ్‌ఆర్ మేడంకి ఇప్పుడు మళ్లీ మెయిల్ పెట్టొచ్చా? అప్పుడు నేనే వెళ్లలేదు. ఏ మొహంతో పెట్టాలి?" అన్నాడు. అరగంట మాట్లాడా గానీ ఫోన్లో అంతా చెప్పలేకపోయా. ఎందుకంటే సరిగ్గా అదే పని నేనూ చేశా. ఎలా చేశానో, ఎక్కడ తప్పు రాశానో, దేన్ని కొట్టేశానో అంతా ఇక్కడ రాస్తున్నా.

మాది నిజాంపట్నం వైపు పల్లె. యానాదులం. అమ్మా నాయనా రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటారు. నేను తెనాలిలో హాస్టల్లో ఉండి బీఎస్సీ మైక్రోబయాలజీ చదివా. 2023 జూలైలో బాపట్లలో జాబ్ మేళా అంటే చెరుకుపల్లి మీదుగా బస్సులో వెళ్లా. రొయ్యలు ప్రాసెస్ చేసి ఎగుమతి చేసే కంపెనీ ఒకటి వచ్చింది. వాళ్లకి క్వాలిటీ ల్యాబ్‌లో ట్రైనీలు కావాలి. బల్ల దగ్గర ఇద్దరు కూర్చున్నారు. ఒకరు హెచ్‌ఆర్ మేడం, ఇంకొకరు ల్యాబ్ ఇన్‌ఛార్జి సార్.

సార్ నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. "టీసీబీఎస్ మీడియం ఎలా తయారు చేస్తావమ్మా?"

తెలియనివాళ్ల కోసం చెప్తా. విబ్రియో అనే బ్యాక్టీరియా ఉందో లేదో చూడ్డానికి ప్లేట్లలో పోసే పచ్చటి మీడియం అది. మా వైపు ఆక్వా ల్యాబుల్లో రోజూ వాడేదే. నేను గడగడా చెప్పేశా. "నీళ్లలో కలిపి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు పెట్టాలి సార్." చాలా మీడియంలకి అదే పద్ధతి, పుస్తకంలో బట్టీ పట్టిందీ అదే. సార్ నవ్వాడు. "టీసీబీఎస్‌ని ఆటోక్లేవ్ చేయకూడదమ్మా, పాడైపోతుంది. మరిగించి పోస్తాం. ఎప్పుడైనా నీ చేత్తో చేశావా?" అన్నాడు. "లేదు సార్, వేరేవాళ్లు చేస్తుంటే చూశా" అన్నా. అది మాత్రం నిజమే చెప్పా.

తర్వాత మేడం మాట్లాడింది. "నీకు ఒక సబ్జెక్టు మిగిలింది. చేతి పని రాదు. అయినా నేర్చుకునేట్టున్నావు కాబట్టి ట్రైనీగా చూస్తాం. రాత్రి షిఫ్టు ఉంటుంది, హాస్టల్ లేదు. ఇంట్లో అడిగి రేపు చెప్పు" అంది. "రేపు చెబుతా మేడం" అన్నా. ఆ సాయంత్రమే ఆవిడ దగ్గర్నుంచి రెండు లైన్ల మెయిల్ కూడా వచ్చింది. అవే మాటలు, కింద ఆవిడ పేరు, నంబరు.

రేపు చెప్పలేదు. ఎల్లుండీ చెప్పలేదు.

ఆ వారమే నాయన చెరువు గట్టు మీద జారి పడ్డాడు. మడమ దగ్గర ఎముక విరిగింది. చెరువు ఆయన దగ్గర మేం అప్పటికే 30 వేలు అడ్వాన్స్ తీసుకుని ఉన్నాం. పంట పట్టేదాకా కాపలాకి మనిషి ఉండాల్సిందే. రాత్రిపూట కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి. వెంటనే జనరేటర్ వేయకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అమ్మ పగలు, నేను రాత్రి. మేడం రెండుసార్లు ఫోన్ చేసింది. ఒకసారి ఫోన్ నాయన దగ్గర ఉంది. రెండోసారి నా చేతిలోనే ఉంది, మోగుతుంటే చూస్తూ కూర్చున్నా. రాలేనని చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకు రాలేవంటే అడ్వాన్స్ సంగతి చెప్పాలి, అది చెప్పడం ఇష్టం లేదు. ఆ ఒక్క నిమిషం తప్పించుకుంటే ఏడాది పాటు తలకెక్కి కూర్చుంది.

పంట పట్టాక, 2023 అక్టోబర్లో, దగ్గర్లోనే ఒక చిన్న ఆక్వా ల్యాబ్‌లో చేరా. జీతం తక్కువ గానీ పని నేర్పారు. రైతులు సీసాల్లో చెరువు నీళ్లు, కవర్లలో రొయ్యలు తెస్తారు. మొదటి వారమే టీసీబీఎస్ మరిగించడం నేర్పితే బాపట్ల సార్ గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నా. డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. పాత ఫోన్ తడిసి పోయింది. సర్టిఫికెట్లు అమ్మ గోనెసంచిలో చుట్టి దూలానికి కట్టింది కాబట్టి మిగిలాయి. మిగిలిన సబ్జెక్టు మళ్లీ రాశా, 2024 జూన్‌లో రిజల్ట్ వచ్చింది, పాస్. ప్రొవిజనల్ చేతికొచ్చిన రోజున మేడంకి రాయాలనిపించింది.

రాద్దామంటే మెయిల్ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ మర్చిపోయా. కోడ్ పాత నంబరుకి పోతోంది. ఆ సిమ్ తడిసిన ఫోన్‌తో పాటే పోయింది, పైగా అది నాయన పేరు మీద ఉంది. నాయన్ని రేపల్లె తీసుకెళ్లి, ఆయన ఆధార్, వేలిముద్రతో డూప్లికేట్ సిమ్ తీసుకున్నాం. అప్పుడప్పుడూ రీఛార్జ్ చేస్తూ వచ్చాం కాబట్టి నంబరు బతికి ఉంది. ఇది చదివే వాళ్లలో రెజ్యూమేలో నాయన నంబరో, అన్న నంబరో ఇచ్చినవాళ్లు ఉంటారు. ఆ నంబరు పోతే మెయిల్ కూడా పోతుంది. సొంత నంబరు తీసుకుని మెయిల్‌కి కలపడం ఈ వారమే చేయండి.

మెయిల్ తెరిచాక ఇంకో తిప్పలు. కంపెనీ పేరు స్పెల్లింగ్ గుర్తు లేదు, మేడం పూర్తి పేరూ గుర్తు లేదు. గుర్తున్నది నెల ఒక్కటే. అప్పుడు జీమెయిల్ వెతికే చోట ఇలా కొట్టా:

```
after:2023/07/01 before:2023/08/15
```

ఆ నెలన్నరలో వచ్చినవి మాత్రమే కనిపించాయి. అందులో దొరికింది. కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా ఆ పాత మెయిల్‌కే రిప్లై కొట్టాలని అప్పుడే అనుకున్నా. ఎందుకంటే కింద ఆవిడ రాసిన రెండు లైన్లు తేదీతో సహా ఉంటాయి. నేనెవరో నిరూపించుకోవాల్సిన పని సగం తగ్గుతుంది. బాపట్ల మేళాలో ఆ ఒక్కరోజే ఎంతమందిని చూసిందో, ఏడాదిలో ఇంకెంతమందిని చూసిందో. పేరు చెబితే గుర్తుకొస్తానని అనుకోవడం మన అమాయకత్వం.

చిత్తు ముందు తెలుగులోనే రాశా. ఒక ఆదివారం రేపల్లె నుంచి తెనాలి రైలెక్కి, హాస్టల్లో నాకు సీనియర్ అయిన అక్క దగ్గరికి వెళ్లి చూపించా. అక్క అక్కడే ఒక ప్రైవేటు ఆఫీసులో పని చేస్తుంది. నా చిత్తు రెండు పేజీలు. మొదటి పేరా మా పేదరికం, రెండో పేరా నాయన కాలు, మూడో పేరా తుఫాను. చివర "ఏ ఉద్యోగమైనా పర్లేదు మేడం, మీరే దిక్కు" అని ముగించా.

అక్క అంతా చదివి, "ఇందులో నువ్వు ఎంత కష్టపడ్డావో ఉందే. ఆవిడ ఆ రోజు నీకు ఏం చెప్పిందో లేదు. ఆవిడ అడిగినవి ఏమయ్యాయో లేదు" అంది. తర్వాత పెన్ను తీసుకుని ఒకటే ప్రశ్న అడిగింది. "ఆ రోజు నిన్ను వెంటనే తీసుకోకపోడానికి ఆవిడ చెప్పిన కారణాలేంటి?"

వేళ్ల మీద లెక్క పెట్టా. సబ్జెక్టు మిగిలింది. చేతి పని రాదు. రాత్రి షిఫ్టుకి, ఊరు వదిలి రావడానికి ఇంట్లో అడగాలి. హాస్టల్ లేదు. "అయితే ఆ నాలుగింటికీ జవాబు రాయి. మిగతాదంతా కొట్టెయ్" అంది.

అప్పుడు నాకు అర్థమైంది ఏంటంటే, ఏడాది కింద ఆవిడ చెప్పిన అభ్యంతరాలే నా మెయిల్‌కి వరస. మన జీవితంలో ఏడాదిలో చాలా మారుతుంది, అదంతా ఆవిడకి అక్కర్లేదు. ఆవిడ ఆగిన చోట ఇప్పుడు ఏముందో అది కావాలి. మారనిది ఉంటే అది కూడా చెప్పాలి. హాస్టల్ సంగతి మారలేదు, నాకు ఇప్పటికీ ఉండటానికి చోటు కావాలి. అది దాచిపెట్టి వెళ్తే చేరే రోజున మళ్లీ అదే గొడవ.

ఆ చెప్పకుండా పోయిన సంగతి దగ్గర మాత్రం అక్కా నేనూ గంటసేపు వాదించుకున్నాం. అసలు ఎత్తొద్దు, ఆవిడ మర్చిపోయి ఉంటుంది అంది అక్క. నేను ఒప్పుకోలేదు. ఫోన్ చేసింది ఆవిడ, ఎత్తనిది నేను. పాత మెయిల్ కింద "రేపు చెప్పు" అని కనిపిస్తూనే ఉంటుంది కదా, దాని పైన ఏమీ ఎరగనట్టు ఎలా రాస్తా? సరే రాయి గానీ రెండు వాక్యాలు దాటొద్దు అంది. మరి అడ్వాన్స్ సంగతి? నాయన కాలు సంగతి? ఆఖరికి "ఇంటి పరిస్థితి" అన్న ఒక్క మాట దగ్గర ఆగాం. సిగ్గుపడి దాచడం కాదది. అడ్వాన్స్ లెక్క ఆవిడ తీర్చేది కాదు, ఆవిడ తెలుసుకోవాల్సింది ఆ పరిస్థితి ఇప్పుడు ఉందా లేదా అన్నదే. కానీ తప్పు నాదని రాయడం మాత్రం వదల్లేదు. రాలేకపోవడంలో నా తప్పు లేదు. చెప్పకపోవడం నా తప్పే.

ఎస్టీ అని రాయాలా అని కూడా అనుకున్నా. ప్రైవేటు కంపెనీ, రిజర్వేషన్ లేదు, ఆ ఉద్యోగానికి దానితో పని లేదు కాబట్టి మెయిల్‌లో రాయలేదు. రెజ్యూమేలో అడ్రస్ దగ్గర "ఎస్టీ కాలనీ" అని ఉంటుంది. అది తీసేసి ఊరి పేరు ఒక్కటే పెట్టమని ఒక ఫ్రెండ్ చెప్పింది. తీయలేదు. మా అడ్రస్ అదే.

ఆఖరికి మిగిలిన మెయిల్ ఇది. పంపింది చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో. చిత్తు మాత్రం తెలుగులో ఇలా ఉంది:

"మేడం గారికి నమస్కారం. 2023 జూలైలో బాపట్ల జాబ్ మేళాలో మీరు నన్ను ల్యాబ్ ట్రైనీ పనికి ఇంటర్వ్యూ చేశారు. టీసీబీఎస్ మీడియాన్ని ఆటోక్లేవ్ చేస్తానని సార్‌కి తప్పు జవాబు చెప్పిన అమ్మాయిని నేనే. మరుసటి రోజు చెబుతానని చెప్పి చెప్పలేదు, మీ ఫోన్ కూడా ఎత్తలేదు. ఇంటి పరిస్థితి వల్ల అప్పుడు రాలేకపోయాను, కానీ ఆ మాట చెప్పకపోవడం నా తప్పు. క్షమించండి.

అప్పుడు మీరు నాలుగు విషయాలు చెప్పారు. మిగిలిన సబ్జెక్టు ఈ జూన్‌లో పాసయ్యాను, ప్రొవిజనల్ జతచేశాను. పది నెలలుగా ఒక ఆక్వా ల్యాబ్‌లో పని చేస్తున్నాను. మీడియం తయారీ, డైల్యూషన్, ప్లేట్లు వేయడం, కాలనీలు లెక్కపెట్టడం నా చేత్తో చేస్తాను, రోజుకు సుమారు 20 ప్లేట్లు. పీసీఆర్ పనిలో సాయం చేశాను గానీ ఒంటరిగా చేయలేదు. ఇప్పుడు రాత్రి షిఫ్టుకి, ఊరు వదిలి రావడానికి ఇంట్లో ఇబ్బంది లేదు. ఉండటానికి చోటు మాత్రం నేను వెతుక్కోవాలి, అక్కడి సిబ్బంది ఎక్కడ ఉంటారో చెబితే సాయంగా ఉంటుంది.

ట్రైనీల అవసరం ఇప్పుడు ఉన్నా, తర్వాత వచ్చినా, సార్ ముందు ప్రాక్టికల్ పరీక్షకి వస్తాను. ఇప్పుడున్న చోట నెల ముందు చెప్పి రావాలి."

ఇంతే. కింద పేరు, నా సొంత నంబరు.

ఇందులో ఆటోక్లేవ్ వాక్యం పెట్టొద్దని ల్యాబ్‌లో ఒక అన్న గట్టిగా చెప్పాడు. "మన తప్పు మనమే గుర్తు చేసుకోవడం ఏంటి?" అన్నాడు. కానీ ఆ రోజు ఆ బల్ల దగ్గర జరిగినవాటిలో నాకు మాత్రమే చెందిన సంగతి అదొక్కటే. "నా పేరు ఫలానా, ఫలానా మేళాలో కలిశాను" అని ఎవరైనా రాయొచ్చు. పైగా ఆ తప్పు పక్కనే రోజుకు 20 ప్లేట్లు అన్న మాట ఉంటే ఏడాదిలో ఏం మారిందో వేరే చెప్పక్కర్లేదు.

పీసీఆర్ వాక్యం అక్క పెట్టించింది. నేను మొదట "పీసీఆర్ కూడా వచ్చు" అని రాశా. "ఒక్కదానివే చేస్తావా?" అంది. లేదన్నా. "అయితే మళ్లీ ఆటోక్లేవ్ అవుతుంది చూస్కో" అంది. నోరు మూసుకుని మార్చా.

2024 ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున పంపా. పంపగానే "Address not found" అని తిరిగొస్తుందేమోనని అరగంట చూశా. హెచ్‌ఆర్ వాళ్లు కంపెనీలు మారుతుంటారు. తిరిగొస్తే కంపెనీ వెబ్‌సైట్‌లో ఉండే ఉద్యోగాల మెయిల్‌కి అదే మాటలు, పాత మెయిల్ కింద ఉంచి పంపుదామనుకున్నా. తిరిగి రాలేదు. జవాబూ రాలేదు. మూడు రోజులు, ఐదు రోజులు. రోజూ తెరిచి చూడ్డమే పని. ఇంకో పెద్ద మెయిల్ రాద్దామని కూర్చుంటే అక్క ఫోన్లో తిట్టింది. తొమ్మిదో రోజు అదే మెయిల్ కింద రెండు లైన్లు మాత్రం పెట్టా: "మేడం, పోయిన వారం రాసిన మెయిల్ చూశారేమో కనుక్కుందామని. ఇప్పుడు అవసరం లేకపోతే ఆ మాట చెప్పినా చాలు." దీనికి కూడా జవాబు రాకపోతే ఇక వదిలేయాలని, వాట్సాప్‌లో వెంటపడకూడదని ముందే అనుకున్నా.

మర్నాడు జవాబొచ్చింది. ఒకే లైను. తను ఇప్పుడు వేరే యూనిట్ చూస్తున్నానని, మెయిల్ ల్యాబ్ సార్‌కి పంపానని. నా తప్పు గురించి ఒక్క మాట లేదు. అంత కుమిలిపోయిన దానికి ఆవిడ దగ్గర కోపం గానీ ఓదార్పు గానీ ఏమీ లేదు. కొంచెం నిరాశపడ్డా, నిజం చెప్తున్నా.

సార్ ఫోన్ మూడు వారాలకి వచ్చింది. అప్పుడు నా చేతిలో ప్లేట్లున్నాయి. "ఆటోక్లేవ్ అమ్మాయేనా?" అన్నాడు. అవును సార్ అన్నా. "ఒక ప్లేట్లో పసుపు, పచ్చ రెండు రకాలు వచ్చాయి. రైతుకి ఏం చెప్తావు?" అన్నాడు. పసుపువి మీడియంలో ఉన్న పంచదారని వాడుకునే రకాలు, పచ్చవి వాడుకోని రకాలు, రెండూ విడివిడిగా లెక్కపెట్టి రాస్తాం, రంగు చూసి మాత్రం ఫలానా జబ్బు అని చెప్పం సార్ అన్నా. "చెప్పవా?" అన్నాడు. "చెప్పను సార్, రంగుతో రకం తేలదు" అన్నా. ఒక క్షణం ఏం మాట్లాడలేదు. తర్వాత, "వచ్చే నెల ఇద్దరు ట్రైనీలు కావాలి. ఉండటానికి ఇక్కడ ఆడపిల్లలు నలుగురు కలిసి గది తీసుకున్నారు, ఒక చోటు ఖాళీ ఉంది. రెండు రోజులు పని చూస్తాను. ఇంట్లో అడిగి రేపు చెప్పు" అన్నాడు.

ఫోన్ పెట్టేసి ప్లేట్లు ఇంక్యుబేటర్లో పెట్టా. సాయంత్రం ఇంటికెళ్లి అమ్మని, నాయన్ని అడిగా. ఆరున్నరకి, ఆ రోజే, నేనే ఫోన్ చేసి వస్తున్నానని చెప్పా.